జ్వరంతో రెండు వారాలు బడి పోతే: పదో తరగతి చదువును మూడు వారాల్లో దారిలో పెట్టడం

మా కావలి వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. నీళ్ళు నిలిచిన చోటల్లా దోమలు, వాటి వెనకే జ్వరాలు. పదో తరగతిలో సిలబస్ పరుగందుకునేదీ సరిగ్గా ఆ నెలల్లోనే. నేను లెక్కల ట్యూషన్ చెప్తాను. ఏటా నవంబరులో ఇద్దరో ముగ్గురో పిల్లకాయలు జ్వరం నుంచి లేచి, ముఖాలు పీక్కుపోయి వచ్చి కూర్చుంటారు. మొన్న ఆ వంతు మా ఇంటికే వచ్చింది. మా అక్క కూతురికి డెంగీ. జెడ్పీ హైస్కూల్లో పదో తరగతి. పద్నాలుగు రోజులు బడి ముఖం చూడలేదు.

సోమవారం బడికి పోవాలనగా శనివారం సాయంత్రం ఒక కాగితం తెచ్చి చూపించింది. రంగు పెన్నులతో గీతలు గీసి, తను పోని మొదటి రోజు నుంచి మొదలుపెట్టి, రోజుకి రెండు రోజుల పాఠాలు చదివేటట్టు పట్టిక వేసుకుంది.

“ఎట్టుంది మామయ్యా?”

“గీతలు బాగున్నాయి తల్లీ. బుధవారానికి ఇది చినిగిపోతుంది.”

పిల్ల చిన్నబుచ్చుకుంది గానీ, ఆ పట్టికలో తప్పు తనదొక్కతిదే కాదు. వెనకబడిన వాళ్ళు నూటికి తొంభైమంది వేసేది ఇదే పట్టిక. మొదటి రోజు పాఠం దగ్గర కూర్చుంటారు. ఆ లోపల క్లాసు ముందుకు పోతూనే ఉంటుంది. ఇవాళ చెప్పిన పాఠం అర్థం కాక అదీ బాకీలో చేరుతుంది. పాత బాకీ ఒకటి తీరేసరికి కొత్త బాకీ ఒకటిన్నర పుడుతుంది. అందుకని మేము ఆ కాగితం పక్కన పెట్టి, ఆదివారమంతా కూర్చుని వేరే లెక్క వేశాం. ఆ లెక్క ఎట్టా వేశామో, ఎక్కడ తప్పిందో ఉన్నదున్నట్టు చెప్తాను. తరగతి వేరైనా, ఊరు వేరైనా ఇదే వరసలో వేసుకోవచ్చు.

ముందు ఒంటిని అడగాలి

డెంగీ గానీ టైఫాయిడ్ గానీ, జ్వరం తగ్గిన రోజుకీ ఒంట్లో సత్తువ వచ్చిన రోజుకీ మధ్య చాలా ఎడం ఉంటుంది. డాక్టరు బడికి పంపొచ్చు అన్నాడంటే పూర్తిగా కోలుకుందని కాదు. మా పిల్ల బడికి పోయి, స్పెషల్ క్లాసు కూడా అయ్యి, ఐదున్నరకి ఇల్లు చేరేసరికి మంచం మీద వాలిపోయేది. జ్వరానికి ముందు రాత్రి పదిన్నర దాకా చదివిన పిల్లే.

ఆదివారం నాడు చిన్న పరీక్ష పెట్టాను. తనకి బాగా వచ్చిన పాఠం, జ్వరానికి ముందే చదివేసినది, తీసి చదవమన్నాను. ఎంతసేపటికి చదివిన వాక్యమే మళ్ళీ చదవాల్సి వస్తుందో గడియారం చూసుకోమన్నాను. నలభై నిమిషాలకి కళ్ళు బరువెక్కాయంది. అదే మా కొలత అయింది: నలభై నిమిషాలు ఒక విడత, మధ్యలో పది నిమిషాల విరామం. మీ పిల్లకి పాతిక నిమిషాలే వస్తే పాతికే పెట్టుకోండి. బాకీ మొత్తాన్ని రోజుల్లో గాకుండా ఈ విడతల్లో లెక్కపెట్టాలి.

మొదటి వారం రోజుకి మూడు విడతలకి మించకూడదని గట్టిగా అనుకున్నాం. ఆ మూడింటిలో రెండు ఏ రోజు పాఠం ఆ రోజుకి, ఒక్కటే పాత బాకీకి. తొమ్మిదిన్నరా పది మధ్య దీపం ఆర్పేయాలి. అక్క ఒప్పుకోలేదు. “ఇంత వెనకబడి కూడా పదింటికి పడుకుంటే ఎట్టరా?” అంది. నిద్ర తగ్గించి చదివిస్తే మళ్ళీ మంచం ఎక్కుతుందని భయపెట్టి ఒప్పించాల్సి వచ్చింది.

పోయింది ఎంతో లెక్కపెట్టడం

రెండు వారాలు అనగానే గుండె జారుతుంది. లెక్క తీస్తే అంత ఉండదు. పద్నాలుగు రోజుల్లో రెండు ఆదివారాలు. ఒక రోజు వానకి కలెక్టరు సెలవిచ్చారు. మిగిలింది పదకొండు బడిరోజులు. ఆ పదకొండులోనూ ప్రతి పీరియడులో కొత్త పాఠం జరగదు. ఒక మాస్టారు సెలవు పెడతాడు, ఇంకొకరు స్లిప్ టెస్టు పెడతారు, ఆటల పీరియడు ఉంటుంది.

ఇది తెలియాలంటే క్లాసులో ఒద్దికగా నోట్సు రాసే పిల్ల ఒకతె కావాలి. ఫస్టు వచ్చే పిల్లే కానక్కరలేదు. చాలాసార్లు ఫస్టు వచ్చే వాళ్ళు సగమే రాస్తారు, మిగతాది తలలో పెట్టుకుంటారు. రోజూ తేదీ వేసి రాసే పిల్లని పట్టుకోవాలి. మా పిల్ల ఆదివారం పొద్దున అట్టాంటి స్నేహితురాలి ఇంటికి పోయి, ఆరు సబ్జెక్టుల నోట్సులూ ముందేసుకుని, ఒక్కొక్క దానిలో ఏ తేదీన ఏం జరిగిందో ఒక్క ముక్కలో రాసుకొచ్చింది. పాఠాలు చదవలేదు, పేర్లే రాసుకుంది. ముప్పావు గంట పట్టింది.

పాఠ్యపుస్తకాలు ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీవి. లెక్కల్లో ఏడో పాఠం కోఆర్డినేట్ జామెట్రీలో రెండో అభ్యాసం 7.2, ఎనిమిదో పాఠం ట్రిగనామెట్రీ దాదాపు మొత్తం. ఫిజికల్ సైన్సులో కాంతి పాఠం రెండో సగం, అంటే రిఫ్రాక్షన్, కటకాలు. బయాలజీలో హెరిడిటీ. సోషల్‌లో రెండు పాఠాలు. భాషల్లో తలా కాస్త.

ఒక్కోదానికి ఎన్ని విడతలు పడతాయో అంచనా వేశాం. పేజీలు చూసి అంచనా వేస్తే మోసపోతాం. సోషల్ పది పేజీలు ఒక విడతలో అయిపోతాయి, లెక్కల్లో రెండు పేజీలకి రెండు విడతలు పట్టొచ్చు. లెక్కలకి 9, ఫిజికల్ సైన్సుకి 5, బయాలజీకి 4, సోషల్‌కి 4, మూడు భాషలకీ కలిపి 6. మొత్తం 28 విడతలు. నలభై నిమిషాల చొప్పున 1,120 నిమిషాలు, పందొమ్మిది గంటలకి కాస్త తక్కువ. పిల్ల ఆ అంకె చూసి, “ఇంతేనా?” అంది. రెండు వారాలన్న మాట కంటే ఇరవై ఎనిమిది అన్న అంకె తేలిగ్గా కనబడింది.

జ్వరానికి ముందు వారం పాఠాలూ ఈ లెక్కలోకి వస్తాయి, ఇది మాత్రం ఎవరికీ తట్టదు. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించిన పుస్తకంలో చూపించింది ఇదే: కొత్తగా నేర్చుకున్నది మొదటి కొన్ని గంటల్లో, మొదటి రోజుల్లో వేగంగా జారిపోతుంది, తర్వాత జారడం నెమ్మదిస్తుంది. మామూలుగా అయితే మర్నాడు క్లాసులో మాస్టారు దాన్నే మళ్ళీ కదిలిస్తాడు గనక నిలుస్తుంది. జ్వరం పడ్డ పిల్లకి ఆ కదలిక లేదు. మా పిల్లని 7.1లో రెండు బిందువుల మధ్య దూరం సూత్రం అడిగితే, జ్వరానికి రెండు రోజుల ముందు చేసిన లెక్కే, తలకాయ గోక్కుంది. అందుకని ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు ఆ పాత వారానికే ఇచ్చాం. పుస్తకం మూసి గుర్తున్నది కాగితం మీద రాయడం, తర్వాత తెరిచి చూసి తప్పులు దిద్దుకోవడం. అంతకంటే ఎక్కువ అక్కరలేకపోయింది.

నోట్సు ఎక్కించడం అనే గుంట

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. వెనకబడ్డ పిల్లల్ని నిజంగా ముంచేది పాఠాలు కాదు, నోట్సు.

బడిలో నోట్సు దిద్దించుకోవాలి. ఖాళీ పేజీలు ఉంటే టీచర్లు ఊరుకోరు. కాబట్టి తిరిగొచ్చిన పిల్ల మొదట చేసే పని స్నేహితురాలి నోట్సు తెచ్చి తన దానిలోకి ఎక్కించడం. పదకొండు రోజులకి ఆరు సబ్జెక్టుల నోట్సు మాకు అరవై పేజీల పైన తేలింది. పేజీకి పది నిమిషాలు వేసుకున్నా పది గంటలు. అంటే మొత్తం బాకీలో సగం కంటే ఎక్కువ సమయం. రాసేటప్పుడు చెయ్యి పని చేస్తుంది, తల నిద్రపోతుంది. చివరికి పిల్ల నోట్సు నిండుగా ఉంటుంది, ట్రిగనామెట్రీ మాత్రం రాదు. అయినా ఏదో సాధించినట్టు అనిపిస్తుంది. అదే ప్రమాదం.

మేము జిరాక్సు తీయించాం. లెక్కలు, ఫిజికల్ సైన్సు పేజీలు మాత్రం తీయించలేదు. అవి చేతులారా చేస్తేనే వస్తాయి గనక, విడతలో చేసిన లెక్కలనే నోట్సుగా రాయమన్నాను. మిగతావి జిరాక్సు తీసి నోట్సులో అంటించాం. సోమవారం పొద్దున అక్క బడికి పోయి, డాక్టరు కాగితం, సెలవు చీటీ క్లాస్ టీచరుకి ఇచ్చి, అంటించిన పేజీలకి ఒప్పుకోమని అడిగింది. ఒక్క టీచరు తప్ప అందరూ సరేనన్నారు. ఆ ఒక్కరూ సొంత చేత్తోనే రాయాలన్నారు. ఆ సబ్జెక్టుకి పాఠానికో పేజీ సారాంశం, ప్రశ్నలు జవాబులు మాత్రం రాస్తుందని, నెల గడువు కావాలని అడిగితే ఒప్పుకున్నారు. అడగడం పెద్దవాళ్ళ పని. పిల్ల అడిగితే సాకు అనుకుంటారు.

ఫోనులో ఫొటోలు తీసి పంపించుకుంటే చాలదా అని అడుగుతారు. చాలదు. ఫొటోలు అరవై దిగుతాయి, తెరిచేది ఆరు. పైగా పాఠం కోసం ఫోను చేతికిస్తే అది పాఠం దగ్గర ఆగదు, ఈ మాట మీకూ తెలుసు.

క్లాసు రేపు ఎక్కడ ఉంటుందో అక్కడికి పోవాలి

ఇరవై ఎనిమిది విడతల్లో ఏది ముందు? ఎప్పుడు పోయిందన్న దాన్ని బట్టి వరస పెట్టకూడదు. రేపటి పాఠం దేని మీద నిలబడిందో చూసి, అది ముందు పెట్టాలి.

లెక్కల్లో మా పిల్ల వెళ్ళేసరికి క్లాసు 8.3లో, ట్రిగనామెట్రీ ఐడెంటిటీల చివర్లో ఉంది. స్నేహితురాలిని అడిగితే బుధవారం నుంచి తొమ్మిదో పాఠం అంది. అది ఎత్తులు, దూరాల పాఠం. ఇప్పుడు చూడండి. తొమ్మిదో పాఠానికి ఐడెంటిటీలు అక్కరలేదు. దానికి కావలసింది రెండే: లంబకోణ త్రిభుజంలో sin, cos, tan అంటే ఏ భుజం మీద ఏ భుజమో తెలియడం, 30°, 45°, 60°లకి వాటి విలువలు. మొదటిది 8.1, రెండోది 8.2. నాలుగు విడతలు. ఐడెంటిటీలకి మూడు విడతలు, 7.2కి రెండు విడతలు, ఈ ఐదూ రెండు వారాలు ఆగినా కొంప మునగదు. తర్వాత వచ్చే పదో పాఠం వృత్తాల స్పర్శరేఖలు, దానికి త్రిభుజాలు, పైథాగరస్ చాలు. పదకొండో పాఠంలో వృత్తఖండం వైశాల్యం దగ్గర మళ్ళీ sin 60° లాంటివి కావాలి గానీ, అవి అప్పటికి వచ్చేసి ఉంటాయి.

అంటే తొమ్మిది విడతల లెక్కల బాకీలో, ఈ వారం తీర్చకపోతే వడ్డీ పెరిగేది నాలుగే. మిగతా ఐదూ వడ్డీలేని బాకీ.

మరి సోమవారం, మంగళవారం క్లాసులో ఐడెంటిటీలు చెప్తుంటే ఏం చెయ్యాలి? పిల్ల అదే అడిగింది. బోర్డు మీదది దించుకో, అర్థం కాని చోట పక్కన ప్రశ్న గుర్తు పెట్టు, బాధపడొద్దు అన్నాను. ఆ రెండు పీరియడ్లూ పోయినట్టే. వాటి కోసం పరిగెత్తితే బుధవారం పాఠం కూడా పోతుంది. మాస్టారికి మాత్రం ముందే చెప్పమన్నాను. ఆయన ఆ రెండు రోజులూ ఆ పిల్లని బోర్డు దగ్గరికి పిలవలేదు.

ఫిజికల్ సైన్సులోనూ ఇట్టాగే. క్లాసు తర్వాతి సోమవారం మానవ నేత్రం పాఠం మొదలుపెడుతుందని తెలిసింది. ఆ పాఠంలో దగ్గరి చూపు, దూరపు చూపు లోపాలకి ఏ కటకం వాడతారో అర్థం కావాలంటే, కుంభాకార కటకం కిరణాలని దగ్గరికి చేరుస్తుంది, పుటాకార కటకం విడదీస్తుంది అన్నది బొమ్మలో గీయగలగాలి. కటక సామర్థ్యం P = 1/f కూడా కావాలి. కటకాల సూత్రంతో చేసే లెక్కలు ఆగొచ్చు. పట్టకం ఆ పాఠంలో కాస్త తర్వాత వస్తుంది, కాబట్టి వక్రీభవనం మొదటి భాగం రెండో వారం సోమవారానికి పెట్టుకున్నాం.

హెరిడిటీ, సోషల్ పాఠాలు రెండూ ఒంటరి పాఠాలు. వాటి మీద వెంటనే నిలబడే పాఠం ఏదీ లేదు. పిల్లలు చేసే పెద్ద పొరపాటు ఇక్కడే. ఇవి తేలిక గనక ముందు ఇవి చదివేస్తారు. టిక్కులు టకటకా పడతాయి, అమ్మ సంతోషపడుతుంది, బుధవారం లెక్కల క్లాసులో పిల్ల బిక్కముఖం వేస్తుంది.

మూడు వారాల పట్టిక

రెండు వారాల బాకీకి మూడు వారాలు. పిల్లకి ఇది చేదుగా అనిపించింది, ఒక్క వారంలో అయిపోవాలని తన ఆశ. లెక్క చూపించాను. మొదటి వారం రోజుకో పాత విడత, గురువారం ఖాళీ, ఆదివారం రెండు. మొత్తం 7. రెండో వారం ఒంట్లో కాస్త సత్తువ వస్తుంది గనక మూడు రోజులు రెండేసి, రెండు రోజులు ఒక్కొక్కటి, గురువారం ఖాళీ, ఆదివారం మూడు. మొత్తం 11. మూడో వారమూ అంతే. కలిపితే 29. మన బాకీ 28. ఒకటి మిగులు.

గురువారం ఖాళీ ఎందుకంటే, పట్టిక తప్పుతుంది గనక. తప్పకుండా తప్పుతుంది. ఖాళీ లేని పట్టికలో ఒక్క రోజు జారితే ఆ తర్వాతి రోజులన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. వారం మధ్యలో ఒక ఖాళీ ఉంటే ఆ జారినది అందులో పడుతుంది. జారకపోతే ఆ సాయంత్రం పిల్ల టీవీ చూసుకుంటుంది, నష్టం లేదు.

మొదటి వారం సాయంత్రాలు ఇట్టా నడిచాయి. ఆరుంబావు నుంచి ఆ రోజు లెక్కలు, సైన్సు ఒక విడత. తర్వాత మిగతా సబ్జెక్టుల ఇంటిపని ఒక విడత. అన్నం. ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదీ పది దాకా పాత విడత. రోజు పాఠం ముందు, పాతది తర్వాత, ఎప్పుడూ ఈ వరసే. అలసిపోయిన రోజు ఏదో ఒకటి పోవాలి గదా, పోతే పాతదే పోవాలి. రెండో వారంలో రెండో పాత విడతని పొద్దున ఐదున్నరకి పెట్టాం, రాత్రిలోకి తోయలేదు.

పాత విడతల్లో సోమ, మంగళ 8.1. బుధవారం 8.2 మొదటి భాగం. గురువారం ఖాళీ. శుక్రవారం 8.2 రెండో భాగం. శనివారం కటకాల బొమ్మలు. ఆదివారం ఒకటి బొమ్మలకే, ఇంకొకటి కటక సామర్థ్యానికి.

తీరిందని ఎట్టా తెలుస్తుంది

చదివాను మామయ్యా అంటే నేను టిక్కు పెట్టలేదు. ఒక పాత విడత తీరిందనడానికి మా ఇంట్లో గుర్తు ఇది: పుస్తకం మూసి, ఖాళీ కాగితం మీద రాసి చూపించాలి. మళ్ళీ మూడో రోజున ఐదు నిమిషాలు, వారం తర్వాత ఐదు నిమిషాలు, అదే కాగితం పరీక్ష.

శుక్రవారం రాత్రి విలువల పట్టిక రాయమన్నాను. sin వరస సరిగ్గా రాసింది. cos దాన్నే తిరగేసి రాసింది, సరే. tan దగ్గర 30°కి √3, 60°కి 1/√3 వేసింది. తారుమారు. మళ్ళీ బట్టీ పట్టమని చెప్పలేదు. ఒక లెక్క ఇచ్చాను: మన వీధి చివర సెల్ టవర్ ఉంది, దాని మొదలు నుంచి 30 మీటర్లు వెనక్కి వచ్చి చూస్తే కొన 60° కోణంలో కనబడింది అనుకో, ఎత్తెంత?

తన పట్టిక ప్రకారం వేసి, దాదాపు 17 మీటర్లు అంది.

“కోణం 45° అయితే ఎత్తెంత ఉండాలి?”

“tan 45° ఒకటి గదా, 30 మీటర్లు.”

“మరి 60° అంటే ఇంకా తల పైకెత్తి చూస్తున్నావు. టవర్ పొట్టిదెట్టా అయింది?”

అప్పుడు తనే నాలిక కరుచుకుని తిప్పి వేసింది. h = 30√3, దాదాపు 52 మీటర్లు. తర్వాత భుజం 2గా సమబాహు త్రిభుజం గీసి, మధ్యకి లంబం దించి, ఆ లంబం √3 అని తనే కట్టి, tan 30° ఎందుకు 1/√3 అవుతుందో బొమ్మలోంచి రాబట్టింది. ఈ తప్పు బయటపడకుండా వారం గడిచి ఉంటే తొమ్మిదో పాఠం లెక్కలన్నీ ఒకే తీరున తప్పేవి, పిల్ల మాత్రం పాఠం రాలేదనుకునేది. హడావిడిగా పూడ్చిన బాకీలో ఇట్టాంటి పగుళ్ళు ఉంటాయి. కాగితం మీద రాయిస్తే తప్ప కనబడవు.

ఎక్కడ తప్పింది

మొదటి వారం బాగా నడిచింది. రెండో వారం మంగళవారం మేనత్త వాళ్ళ గృహప్రవేశం. రాత్రి పదకొండింటికి ఇల్లు చేరారు. రెండు పాత విడతలు పోయాయి, ఆ రోజు పాఠమూ పోయింది. ఇట్టాంటప్పుడు మర్నాడు నాలుగు విడతలు కూర్చోపెట్టాలని పెద్దవాళ్ళకి చేతులు దురదపెడతాయి. మేము బుధవారం పట్టికని ముట్టుకోలేదు. మంగళవారం పాఠాన్ని గురువారం మొదటి విడతలో, పోయిన పాత విడతల్లో ఒకటి రెండో దానిలో పెట్టాం. ఇంకొకటి మిగులు విడత మింగింది.

మూడో వారంలో జరిగింది నా తప్పు. ఐడెంటిటీలకి మూడు విడతలు చాలనుకున్నాను, ఐదు పట్టాయి. ఏ పక్క నుంచి మొదలుపెట్టాలో తెలియడానికే రెండు విడతలు పోయాయి. మనం అంచనా ఎప్పుడూ తక్కువే వేస్తాం. ఆ రెండు విడతలు ఎక్కడి నుంచి తేవాలి? రోజుకి ఇంకొకటి కలపడం తేలికగా తోచే దారి. నేను కలపలేదు, కోశాను. హిందీ బాకీ రెండు విడతలు పక్కకి తీసేశాను. హిందీలో పాసు మార్కులు 20, మా పిల్లకి ఎప్పుడూ 70 దాటేవి. అక్కడ రెండు పాఠాలు నెల ఆలస్యమైతే భయం లేదు. అదే హిందీలో అంతంతమాత్రంగా ఉండే పిల్ల అయితే ఇంకోటి కోసేవాణ్ణి. ఏది కొయ్యాలన్నది సబ్జెక్టును బట్టి చెప్పలేం, ఆ పిల్ల బలాన్ని బట్టి చెప్పాలి. లెక్కల పరీక్షలో 8 మార్కుల ప్రశ్నలకి ఇదిగానీ అదిగానీ రాసే వీలుంటుంది గదా, ఒక పాఠం వదిలేద్దాం అని కొందరంటారు. ఒకటి, రెండు మార్కుల ప్రశ్నల్లో ఆ వీలు లేదు. పాఠాన్ని వెనక్కి జరపొచ్చు, వదిలెయ్యకూడదు.

పట్టిక బరువైపోయిందని తెలిసే గుర్తులు రెండు చెప్తాను. ఆ రోజు పాఠం ఆ రోజు చూడకుండా వరసగా రెండు రోజులు గడిచాయంటే పాత విడతలు ఎక్కువయ్యాయని అర్థం, ఒకటి తీసెయ్యండి. పిల్ల విడత మొదలుపెట్టే ముందు పావుగంట పెన్సిలు చెక్కుతూ, నీళ్ళు తాగుతూ తిరుగుతోందంటే ఆ విడతలో ఏం చెయ్యాలో స్పష్టంగా రాసి లేదని అర్థం. ‘ట్రిగనామెట్రీ’ అని రాస్తే కూర్చోలేరు, ‘8.2లో మొదటి లెక్క’ అని రాస్తే కూర్చుంటారు.

ఇంట్లో చావు జరిగినప్పుడు

జ్వరం కాకుండా ఇంట్లో కార్యం వల్ల పోయిన రెండు వారాలు వేరేగా ఉంటాయి. కనిగిరి వైపు నుంచి మా దగ్గర చదువుకున్న పిల్లవాడొకడు ఆ తర్వాత నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదివాడు. తాత పోతే ఇంటికి వచ్చి, పెద్దకర్మ అయ్యేదాకా ఉన్నాడు. ఒళ్ళు బాగానే ఉంది, తల మాత్రం పాఠంలో లేదు. ఇల్లంతా చుట్టాలు, పనులు. ఆ రోజుల్లో కొత్త పాఠం పెట్టుకోవద్దన్నాను. పొద్దున్నే అందరూ లేవకముందు పావుగంట పాత సూత్రాలు కాగితం మీద రాసుకోమన్నాను. రాసిన రోజులు ఐదో ఆరో. అవి లేకపోతే జ్వరం పిల్లకి లాగే పాతవారం కూడా జారిపోయేది.

వాడికి అసలు చిక్కు తిరిగి వెళ్ళాక వచ్చింది. ఆదివారం వారపరీక్ష, అందులో తను వినని పాఠాలు. ఎగ్గొట్టాలనుకున్నాడు. పరీక్షకి కూర్చో, విన్న పాఠాల ప్రశ్నలే చెయ్యి, మిగతావి ముట్టుకోకు, వచ్చిన ర్యాంకు రెండు వారాలు చూడకు అని చెప్పాను. వదిలేసిన ప్రశ్నల కాగితమే వాడికి బాకీ పట్టిక అయింది. ఏ పాఠంలో నుంచి ఎన్ని ప్రశ్నలు వస్తున్నాయో అందులోనే ఉంది. హాస్టల్లో ఖాళీ గంటలు పిల్లవాడి చేతిలో ఉండవు గనక మా పట్టిక అక్కడ అచ్చంగా నడవదు. స్టడీ అవర్లో ఒక్క విడత పాతదానికి వాడుకుంటానని ఇంచార్జి దగ్గర ముందే అనుమతి తీసుకోవాలి. లేకపోతే అందరూ చేసే వర్క్‌షీటు పక్కన పెట్టాడని తిట్లు పడతాయి.

నెల, నెలన్నర పోతే ఈ లెక్క పనికిరాదు. అప్పుడు మూడు వారాల్లో పూడ్చాలని చూడకూడదు. సబ్జెక్టు టీచర్లతో కూర్చుని, పరీక్షలకి ఎంత సిలబస్‌తో పోవాలో ముందు తేల్చుకోవాలి.

మా పిల్ల విషయానికొస్తే, మూడో ఆదివారం రాత్రికి పట్టికలో మూడు విడతలు మిగిలాయి. రెండు హిందీవి, ఒకటి హెరిడిటీలో రెండు లక్షణాల సంకరణం, ఆ 9:3:3:1 గళ్ళపట్టిక. ఆ గళ్ళు నింపడం చిక్కుగా ఉందని రెండుసార్లు వాయిదా వేసింది. వాటిని సంక్రాంతి సెలవులకి రాసి, కాగితం గోడకి అంటించాం. భోగి ముందు రోజు పదహారు గళ్ళూ నింపి తెచ్చింది. హిందీ ఇంకా గోడ మీదే ఉంది.